సున్నా నుంచి వెనక్కి: ఐదు గంటల ఫ్లాష్ సేల్‌కి ప్రకటన రాయడం ఎలా?

2024 జనవరి 5, శుక్రవారం. సంక్రాంతి ఇంకా పది రోజులుంది. రాత్రి ఎనిమిదీ నలభైకి నా ఫోన్ మోగింది. రూవిలో ఉండే ఒక అక్కయ్య. "ఏం తమ్ముడూ, పది దాకా అన్నారు కదా, ఇప్పుడే చూస్తే కుక్కర్ పదకొండు రియాళ్ళు చూపిస్తోంది. మీ గడియారం మస్కట్‌ది కాదా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు కానీ, నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ ప్రకటన రాసింది నేనే.

కొంచెం వెనక్కి వెళ్తాను. నేను పనిచేసేది రుసైల్‌లోని నాలెడ్జ్ ఒయాసిస్ మస్కట్‌లో. మస్కట్ బయట, పారిశ్రామికవాడ పక్కనే ఉండే సాఫ్ట్‌వేర్ కార్యాలయాల సముదాయం అది. ఆ పారిశ్రామికవాడ వైపే ఒక చిన్న గోడౌన్‌లో మన తణుకు వాడొకాయన వంటింటి సామాను పెట్టుకుని, ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్ముతుంటాడు. ప్రెషర్ కుక్కర్లు, ఇడ్లీ పాత్రలు, టేబుల్ టాప్ గ్రైండర్లు. నేను ఆయన్ని అన్నయ్య అంటాను. "నువ్వు కంప్యూటర్ వాడివి కదా తమ్ముడూ, పండక్కి ఒక ఫ్లాష్ సేల్ ప్రకటన రాసిపెట్టు, ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెట్టే రకం" అన్నాడు. సరే అన్నాను. కంప్యూటర్ తెలిసినంత మాత్రాన ప్రకటన రాయడం వస్తుందా అని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

జరిగిందేమిటంటే, అన్నయ్య అమ్మకం ఖాతాని మొదట్లో విజయవాడలో ఉన్న ఆయన బావమరిది తెరిచాడు. ఖాతా సెట్టింగుల్లో టైమ్ జోన్ భారత సమయంగానే ఉండిపోయింది. మేము "ముగింపు 22:00" అని నింపాం. ఖాతా దాన్ని భారత సమయం అనుకుంది. మన దేశం ఒమన్ కన్నా గంటన్నర ముందుంటుంది కాబట్టి, మస్కట్‌లో ఎనిమిదిన్నరకే అమ్మకం ఆగిపోయి, 7.900 రియాళ్ళ కుక్కర్ మళ్ళీ 11.000 అయింది. ప్రకటన మాత్రం పది దాకా అని చెబుతూనే ఉంది. ఏడుగురు ధర చూసుకోకుండా, మా మాట నమ్మి కొనేశారు. ఒక్కొక్కరికి 3.100 చొప్పున 21.700 రియాళ్ళు అన్నయ్య తన జేబులోంచి వెనక్కి ఇచ్చాడు. డబ్బు పెద్దది కాదు. కానీ మస్కట్‌లో మనవాళ్ళ మధ్య ఒక మాట తిరగడానికి ఒక్క శుక్రవారం భోజనం చాలు.

ఆ ఏడాది దసరాకి మళ్ళీ చేశాం. ఈసారి ప్రకటనని చివరి నుంచి మొదలుపెట్టి రాశాను. ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. మన పాఠకుల్లో, వాళ్ళ ఇళ్ళల్లో, చీరలో పచ్చళ్ళో వెండి సామానో ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి పనికొస్తుందని ఆశ.

ముందు సున్నా రాయాలి

కౌంట్‌డౌన్ ప్రకటన అనగానే మనం ఐదుతో మొదలుపెడతాం. అక్కడే పొరపాటు. చూసేవాడికి ఐదు ముందు వస్తుంది కానీ, రాసేవాడికి సున్నా ముందు రావాలి. సున్నా దగ్గర ఏం మారుతుందో తెలియకపోతే పైన ఉన్న అంకెలన్నీ ఉత్త చప్పుడే.

ఆన్‌లైన్ మార్కెట్లలో ఫ్లాష్ సేల్ జరిగే తీరు దాదాపు ఒకటే. అమ్మేవాడు మూడు విషయాలు ముందే నింపాలి: తగ్గించిన ధర, ఆ ధరకి ఇచ్చే సంఖ్య, మొదలూ ముగింపూ. అమెజాన్ లైట్నింగ్ డీల్‌లో మీరు చూసే ఉంటారు, సరుకు పక్కన ఒక గీత నిండుతూ ఎంత శాతం అమ్ముడైందో చూపిస్తుంది. సరుకుని బుట్టలో వేసుకున్నాక డబ్బు కట్టడానికి కొద్ది నిమిషాలే ఇస్తుంది. అంటే అమ్మకం రెండు రకాలుగా ముగియవచ్చు. గడియారం పూర్తవడం ఒకటి, సరుకు పూర్తవడం రెండోది. ఏది ముందైతే అదే సున్నా. ప్రకటనలో ఈ రెండూ ఉండాలి. గడియారం ఒక్కటే చెప్పి సంఖ్య చెప్పకపోతే, ఏడింటికి వచ్చినవాడు ఖాళీ అర చూసి తిట్టుకుంటాడు.

నేను అమెరికాలో ఎం.ఎస్. చేసే రోజుల్లో థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లవారకముందే దుకాణాల బయట చలిలో నిలబడేవాళ్ళం. ఆ రంగు రంగుల కాగితాల మీద టీవీ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక్కో దుకాణంలో కనీసం ఎన్ని ఉంటాయో అచ్చేసేవాళ్ళు. కనీసం పది అని ఉంటే, వరసలో నలభయ్యోవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఆ చిన్న అక్షరాల విలువ అప్పట్లో నాకు తెలియలేదు.

దసరా ప్రకటనకి ముందు నేను అన్నయ్యని మూడు ప్రశ్నలు అడిగాను. ఎందుకు అప్పటిదాకానే? ఎన్ని ఉన్నాయి? ఆ తర్వాత ఏమవుతుంది?

మొదటిదానికి ఆయన "పండగ కదా" అన్నాడు. పండగ ఎనిమిది రోజుల తర్వాత, మరి శుక్రవారం రాత్రి పదికే ఎందుకు ఆపాలి? తరిచి అడిగితే అసలు సంగతి చెప్పాడు. రెండు లీటర్ల గ్రైండర్లలో కొత్త మోడల్ ఆ మరుసటి వారం దిగుతోంది. గోడౌన్‌లో పాతవి నలభై పెట్టెలు ఉన్నాయి. శనివారం పొద్దున్నే వాటిని తీసి చోటు చేయాలి. ఇది నిజమైన కారణం. పైగా ఎవరికైనా అర్థమయ్యే కారణం. దీన్ని ప్రకటనలో దాచడం ఎందుకు? గడువుకి కారణం చెబితే వినేవాడికి అది బెదిరింపులా అనిపించదు.

రెండోది, ఎన్ని? నలభై ఉన్నాయి కదా అని నలభై పెట్టకూడదు. గ్రైండర్‌లో గ్రానైట్ రాళ్ళు ఉంటాయి. దారిలో పెట్టె కింద పడితే రాయి అంచు విరుగుతుంది. విరిగిందాన్ని మార్చి ఇవ్వడానికి అదే మోడల్ చేతిలో ఉండాలి. అందుకని నాలుగు పక్కన పెట్టి 36 మాత్రమే అమ్మకంలో పెట్టాం.

మూడోది, తర్వాత ఏమవుతుంది? ధర మళ్ళీ 32 రియాళ్ళు. ఇందులో రెండు నిజాలు కావాలి. పదింటికి ధర నిజంగా 32 కావాలి. అంతకుముందు కూడా నిజంగా 32 ఉండి ఉండాలి. అమ్మకానికి వారం ముందు ధర పెంచి, దాని మీద తగ్గించి చూపించడం పాత నాటకమే. ఐరోపా సమాఖ్యలో ఇప్పుడు తగ్గింపు ప్రకటిస్తే, అంతకుముందు కనీసం 30 రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధరతో పోల్చి చూపించాలనే నియమం ఉంది. అన్నయ్య గ్రైండర్ రెండు నెలలుగా 32కే ఉంది, కాబట్టి మాకు ఆ ఇబ్బంది లేదు. తగ్గింపు అమ్మకానికి కావలసిన అనుమతుల సంగతి కూడా ఆయన ముందే చూసుకున్నాడు. ఒమన్‌లో ఇప్పుడున్న వినియోగదారుల రక్షణ చట్టం 2014లో వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన దాని కింద నేరమే.

ధర ఎంత దూరం దిగవచ్చు?

ప్రకటన రాసేవాడికి ఈ లెక్కతో ఏం పని అంటారేమో. ఉంది. ఎన్ని అమ్మితే చాలో, ఎప్పుడు ఆపాలో ఈ లెక్కే చెబుతుంది. ఒక రియాల్‌కి వెయ్యి బైసాలు కాబట్టి ఇక్కడ ధరలు మూడు దశాంశాల్లో ఉంటాయి.

అమ్మకం ధర 24.500. అందులో ఐదు శాతం వ్యాట్ కలిసే ఉంది. ఒమన్‌లో ఇది 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఆ వాటా సుమారు 1.167. మార్కెట్ వాళ్ళ కమీషన్ అన్నయ్యకి పది శాతం, అంటే 2.450. ఇంటికి చేర్చే ఖర్చు 1.800. గోడౌన్‌లో దిగేసరికి గ్రైండర్‌కి పడిన ఖరీదు 16.200. ఇవన్నీ కలిపితే 21.617. మిగిలేది ఒక్కోదానికి 2.883.

36 అమ్ముడైతే సుమారు 104 రియాళ్ళు. ప్రకటన ఖర్చు 60 తీసేస్తే చేతికి వచ్చేది 44 లోపు. అంటే ఇది లాభం కోసం చేసే అమ్మకం కాదు, చోటు కోసం, చేతిలో డబ్బు ఆడడం కోసం చేసేది. ఒక గ్రైండర్ తిరిగి వస్తే రానూ పోనూ 3.600 పోతుంది. అంటే ఒక్క వాపసు, ఒక అమ్మకం మీద వచ్చిన మిగులంతా తిని ఇంకా కొంచెం తింటుంది. అందుకే ప్రకటన జనాన్ని కంగారు పెట్టి కొనిపించకూడదు. కంగారులో కొన్నవాడే వారం తర్వాత వెనక్కి పంపుతాడు. రెండు లీటర్లని వినకుండా కొన్నవాడు, ఇంటికి వచ్చాక చిన్నదైపోయిందంటాడు. ఈ లెక్క వేశాకే ప్రకటనలో ప్రతి అంకె పక్కనా సరుకు గురించి ఒక నిజం ఉండాలని నిర్ణయించుకున్నాను.

ముప్పై సెకన్ల ప్రకటన

తెలుగు మాటలు పొడుగు. ఇంగ్లీషులో ముప్పై సెకన్లకి డెబ్భై ఐదు పదాల దాకా పడతాయంటారు. నేను మన భాషలో గట్టిగా చదివి చూసుకుంటే, తొందర లేకుండా యాభై దాటడం కష్టమైంది. అంతకన్నా ఎక్కువ రాస్తే వార్తలు చదివినట్టు ఉంటుంది. మేము ఖాయం చేసిన ప్రతి ఇది:

0–4 సెకన్లు. దృశ్యం: గిన్నెలో నానిన మినపపప్పు. మాట: "దసరాకి గారెలు. పప్పు నానింది. మరి రుబ్బేది?"

4–8 సెకన్లు. దృశ్యం: గోడౌన్‌లో పేర్చిన పెట్టెలు. మాట: "కొత్త మోడల్ వస్తోంది. రుసైల్ గోడౌన్‌లో చోటు చాలదు."

8–12 సెకన్లు. తెర మీద 5. మాట: "ఐదు గంటల అమ్మకం. శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి పది."

12–15 సెకన్లు. తెర మీద 4. మాట: "నాలుగు రోజుల్లో మస్కట్‌లో మీ ఇంటికి."

15–17 సెకన్లు. తెర మీద 3. మాట: "మూడు రాళ్ళ గ్రైండర్."

17–19 సెకన్లు. తెర మీద 2. మాట: "రెండు లీటర్ల గిన్నె."

19–23 సెకన్లు. తెర మీద 1. మాట: "ఒకరికి ఒకటే. ఉన్నవి ముప్పై ఆరు."

23–30 సెకన్లు. తెర మీద 0, కింద తేదీ, సమయం, రెండు ధరలు. మాట: "రాత్రి పది దాకా ఇరవై నాలుగున్నర రియాళ్ళు. పది దాటితే ముప్పై రెండు."

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. అంకె తగ్గేకొద్దీ మాట చిన్నదవుతుంది, ఒకటి దగ్గర మళ్ళీ నిదానిస్తుంది. వేగం మూడూ రెండూ దగ్గర ఉంటే చాలు, ఎందుకంటే అక్కడ చెప్పేవి బొమ్మలో కనిపిస్తూనే ఉంటాయి. ఎన్ని ఉన్నాయి, ధర ఎప్పుడు మారుతుంది అనేవి మాత్రం నింపాదిగా వినిపించాలి. చాలా ప్రకటనల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. సరుకుని పొగడడానికి ఇరవై సెకన్లు పోయి, షరతులు మూడు సెకన్లలో గొణుగుతారు.

రెండో సంగతి, అంకె కోసం నిజాన్ని సాగదీయకూడదు. నా మొదటి ప్రతిలో నాలుగు దగ్గర "నాలుగేళ్ళ గ్యారంటీ" అని రాశాను. చెవికి బాగుంది. అన్నయ్య చూసి కొట్టేశాడు. మోటారుకి రెండేళ్ళేనట. ఆ అంకెకి నిజం దొరక్కపోతే నాలుగు తెర మీద ఊరికే మెరిసి పోవచ్చు, ఎవరూ అడగరు. చివరికి ఇంటికి చేరే రోజులు సరిపోయాయి. శుక్రవారం కొంటే మంగళవారానికి వస్తుంది, దసరా ఆపై శనివారం, అక్టోబర్ 12. అయితే అది మస్కట్ వరకే. సలాలాకో సొహార్‌కో అదే మాట ఇవ్వలేం. అందుకే "మస్కట్‌లో" అన్న పదం అక్కడ ఉంది.

ఇంకొకటి. ఇలాంటివి చాలామంది ఫోన్‌లో శబ్దం లేకుండా చూస్తారు. అందువల్ల చివరి ఏడు సెకన్లలో తెర మీద ఉన్న అక్షరాలే అసలు ప్రకటన. అక్కడ "శుక్రవారం, అక్టోబర్ 4, రాత్రి 10 వరకు, మస్కట్ సమయం" అని పూర్తిగా రాశాం.

"ఇంకా మూడు గంటలే" అని ఎందుకు రాయకూడదు?

వీడియోతో పాటు వాట్సాప్‌లో వెళ్ళే చిన్న సందేశాలు కూడా ఉంటాయి. వీటిలో ఎక్కువగా జరిగే తప్పు ఒకటే. "ఇంకా మూడు గంటలే", "ఈ రాత్రికే", "రేపటితో ఆఖరు" అని రాయడం.

పంపిన క్షణంలో ఆ మాట నిజం. కానీ వాట్సాప్ స్టేటస్ 24 గంటలు ఉంటుంది. ఏడింటికి పెట్టిన "ఇంకా మూడు గంటలే" అన్న స్టేటస్‌ని మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ చూసినవాడికి కూడా ఇంకా మూడు గంటలే ఉంటుంది. ఇక ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ అయ్యే సందేశమైతే దానికి పుట్టిన తేదీ కూడా ఉండదు. హైదరాబాదులో అమ్మకి చేరి, ఆవిడ దాన్ని మళ్ళీ మస్కట్‌లో కూతురికి పంపేసరికి ఆదివారం అవుతుంది. కాబట్టి సందేశం ఎక్కడికి పోయినా తన గడువుని తనతోనే మోసుకుపోవాలి. తేదీ, వారం, గంట, ఏ ఊరి సమయం. ఈ నాలుగూ ప్రతి సందేశంలో ఉండాలి.

మేము నాలుగే పంపాం. గురువారం రాత్రి ఎనిమిదికి మొదటిది: రేపు ఏమిటి, ఎప్పుడు, ఎన్ని, ఎంత. ఆలోచించుకునేవాళ్ళకి ఇది ముఖ్యం. కొనాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక రాత్రి ఉంటుంది. శుక్రవారం ఐదింటికి రెండోది: తెరిచాం, ఇదిగో లంకె. ఎనిమిదిన్నరకి మూడోది: ఎన్ని మిగిలాయి. ఈ సంఖ్య ముందే రాసిపెట్టుకున్నది కాకూడదు. ఖాతా తెరిచి చూసి, ఉన్నదే రాయాలి. పదింటికి నాలుగోది: అమ్మకం ముగిసింది, ధర ఇప్పుడు 32.

ఈ నాలుగోది చాలామంది పంపరు. అమ్మకం అయిపోయాక ఇంకేం సందేశం అనుకుంటారు. కానీ ఆ లంకె ఇంకా జనం ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ముగిసిందని చెప్పడం ప్రకటనలో భాగమే. దీనితోపాటు ఐదో సందేశం ఒకటి రాసి పక్కన పెట్టుకున్నాం. సరుకు గడువు కన్నా ముందే అయిపోతే పంపడానికి: "36 అమ్ముడయ్యాయి, ధర 32కి మారింది, డబ్బు పెట్టి చూపిస్తున్న ప్రకటన ఆపేశాం." అది వాడాల్సిన అవసరం రాలేదు. కానీ ఆ కంగారులో కూర్చుని రాయాల్సి వస్తే ఏదో ఒకటి తప్పు రాసేవాళ్ళమే.

గడియారం సంగతి

ఇక నా వృత్తికి సంబంధించిన ముక్క. అన్నయ్యకి ఒక చిన్న వెబ్ పేజీ ఉంది. అందులో గంటలు, నిమిషాలు తగ్గుతూ కనిపించే గడియారం పెట్టి, కింద మార్కెట్ లంకె ఇచ్చాం. దీనికి సాధారణంగా రాసే కోడ్‌లో చిన్న తేడా ఉంది:

```
// తప్పు: చూసేవాడి ఫోన్ సమయం తీసుకుంటుంది
new Date("2024-10-04T22:00:00")

// సరి: మస్కట్‌లో రాత్రి 10
new Date("2024-10-04T22:00:00+04:00")
```

మొదటి వరసలో ఏ దేశం సమయమో చెప్పలేదు. అందువల్ల భారత సమయంలో ఉన్న ఫోన్‌కి అది మస్కట్‌లో ఎనిమిదిన్నర అవుతుంది. జనవరిలో మా ఖాతా చేసిన తప్పే ఇది కూడా, ఇంకో చోట. ఒమన్‌లో వేసవికి గడియారం జరిపే పద్ధతి లేదు కాబట్టి ఏడాదంతా +04:00 సరిపోతుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో అమ్మేవాళ్ళు మాత్రం మార్చిలో, అక్టోబర్–నవంబర్లలో గడియారం మారే వారాలని చూసుకోవాలి.

ఇంత చేసినా ఫోన్ గడియారమే తప్పుగా ఉంటే? అందుకని మిగిలిన సమయాన్ని ఫోన్ నుంచి కాకుండా సర్వర్ సమయం నుంచి లెక్కకట్టాలి. సున్నా అయ్యాక ఆ గడియారం మాయమై, మామూలు ధర కనిపించాలి. పరీక్షించడం తేలిక. మీ ఫోన్‌లో టైమ్ జోన్‌ని కోల్‌కతాకి మార్చి పేజీ తెరవండి. మిగిలిన సమయం మారకూడదు. పేజీని మూసి మళ్ళీ తెరవండి. అప్పుడు కూడా మారకూడదు.

ఆ రెండో పరీక్ష మన కోడ్‌కే కాదు, మీరు కొనబోయే ఏ దుకాణానికైనా పనికొస్తుంది. 2019లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సుమారు 11 వేల షాపింగ్ వెబ్‌సైట్లని పరిశీలించినప్పుడు, కొన్నిటిలో గడియారం సున్నాకి వచ్చి తనంత తానే మళ్ళీ మొదలవుతోందని, ఇంకొన్నిటిలో సున్నా అయినా ధర మారడం లేదని తేలింది. మన దేశంలో 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు డిజైన్లని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జాబితాలో మొట్టమొదటిది లేని తొందరని సృష్టించడం. అంటే ఈ గడియారం సంగతి ఇప్పుడు మర్యాదతో ఆగలేదు, చట్టం దాకా వెళ్ళింది.

నిజమైన గడువు పెట్టి కూడా దెబ్బతినవచ్చు. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వార్తాపత్రికల్లో పేజీల నిండా ప్రకటనలు, ఉదయం ఎనిమిది ఎప్పుడవుతుందా అని ఎదురుచూపులు. గంట కొట్టేసరికి పేజీలు తెరుచుకోలేదు, తెరుచుకున్నవాళ్ళకి సరుకు అయిపోయిందని కనిపించింది, ధరలు ముందే పెంచారన్న ఆరోపణలు వచ్చాయి. పది గంటల్లో 600 కోట్ల రూపాయల అమ్మకం చేసిన సంస్థ వ్యవస్థాపకులు, మర్నాడు వినియోగదారులకి క్షమాపణ రాయాల్సి వచ్చింది. అక్కడ గడియారం సరిగానే ఉంది. దాని వెనక ఉన్న సంఖ్యా, ధరా, సర్వరూ ఆ ప్రకటనని మోయలేకపోయాయి.

ఆ శుక్రవారం ఏం జరిగింది?

అక్టోబర్ 4 సాయంత్రం ఐదింటికి నేనూ అన్నయ్యా గోడౌన్‌లో పెట్టెల మీద కూర్చుని చూస్తున్నాం. మొదటి గంటలో 14 పోయాయి. గురువారం సందేశం చూసి నిర్ణయించుకున్నవాళ్ళే వీళ్ళంతా. తర్వాత రెండున్నర గంటల్లో ఆరు మాత్రమే. అన్నయ్య మొహం వాడిపోయింది. "పది ఉన్నాయని పెడదామా తమ్ముడూ, త్వరగా కదుల్తాయి" అన్నాడు. పదహారు ఉన్నప్పుడు పదహారే పెట్టాం. చివరి గంటన్నరలో 13 వెళ్ళాయి. మధ్యలో పల్లం, రెండు చివర్లా గట్టు. గడువు ఉన్న అమ్మకం నడిచే తీరు ఇదే. మధ్యలో చూసి భయపడి ధర ఇంకా తగ్గిస్తే, మొదటి గంటలో కొన్నవాళ్ళని మోసం చేసినట్టవుతుంది.

పదింటికి మూడు మిగిలాయి. ధర 32 అయింది. నాలుగో సందేశం వెళ్ళింది.

పదీ ఇరవైకి అన్నయ్యకి ఫోన్ వచ్చింది. ఇక్కడ మనవాళ్ళందరికీ పెద్దదిక్కు లాంటి ఒకాయన. ఏ ఇంట్లో ఏ కష్టం వచ్చినా ముందు నిలబడే మనిషి. గుడికి వెళ్ళి ఆలస్యమైందట. "మూడు మిగిలాయట కదా, ఆ ధరకే ఒకటి మా ఇంటికి పంపించు నాయనా" అన్నారు. అన్నయ్య నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఇది ప్రకటన రాసేవాడు తేల్చే విషయం కాదు.

"మాస్టారూ, మీకు ఊరికే ఇమ్మన్నా ఇస్తాను, కానీ ఆ ధరకి మాత్రం ఇవ్వలేను. పదింటికి ఆపేస్తానని ఊరంతా చెప్పాను" అన్నాడు అన్నయ్య. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన "అయితే వద్దులే" అని పెట్టేశారు. కోపమో, మెచ్చుకోలో ఆ గొంతులో తెలియలేదు. అన్నయ్యకి ఆ రాత్రి నిద్ర పట్టలేదని మర్నాడు చెప్పాడు.

లెక్క చివరికి ఇలా తేలింది. 33 గ్రైండర్ల మీద 95 రియాళ్ళు, ప్రకటన ఖర్చు పోగా 35. ఒక ఇంటికి రాయి విరిగి చేరింది. పక్కన పెట్టిన నాలుగింటిలోంచి ఒకటి పంపాం, ఆ చేర్చే ఖర్చు కూడా ఇందులోంచే పోయింది. శనివారం పొద్దున్నకి గోడౌన్‌లో చోటు దొరికింది. ఇంతే. పెద్ద విజయగాథేమీ కాదు.

కానీ దసరా రోజున రూవి అక్కయ్య ఇంటికి భోజనానికి వెళ్తే గారెలు వడ్డిస్తూ అన్నారు, "ఈసారి తొమ్మిదీ యాభైకి కొన్నాను తమ్ముడూ. కావాలనే ఆగాను, మీ గడియారం సరిగ్గా ఉందో లేదో చూద్దామని."